క్రెడిట్ కార్డు పాయింట్లు క్యాష్‌గా మార్చేముందు ఈ లెక్క ఒకసారి చూడండి

నెల్లూరులో ఈ మధ్య మాల్స్‌లో, పెట్రోల్ బంకుల దగ్గర టేబుల్ వేసుకుని క్రెడిట్ కార్డులు అంటగడుతున్నారు కదా, వాళ్లు చెప్పే పాయింట్ల లెక్క నమ్మి కార్డు తీసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. నాకు కార్డు ఇప్పించిన అబ్బాయి "నాలుగు పాయింట్లకు రూపాయి అన్నా, ఎప్పుడైనా క్యాష్ చేసుకోవచ్చు" అన్నాడు. అది సగం నిజం. మిగతా సగం ఎవరూ చెప్పరు.

స్టోన్‌హౌస్‌పేటలో మా షాపుకి సరుకు కొనుగోళ్లన్నీ ఆ కార్డు మీదే చేశాను. 6,400 పాయింట్లు పోగయ్యాయి. నాలుగింటికి రూపాయి లెక్కన 1,600 రావాలి. యాప్‌లో రిడీమ్ నొక్కితే రెండు దారులు చూపించింది, ఒకటి గిఫ్ట్ వోచర్లు, వస్తువులు ఉండే క్యాటలాగ్, రెండోది బిల్లులో క్యాష్‌గా జమ. పావలా రేటు మొదటిదానికే. క్యాష్‌కి పాయింటుకు 20 పైసలే. అంటే 1,280. ఇక్కడే 320 రూపాయలు పోయాయి, అది కూడా అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

సరే, 1,280 అయినా వస్తుంది కదా అనుకుంటే, తర్వాత నెల స్టేట్‌మెంట్‌లో రెండు కొత్త లైన్లు కనిపించాయి. Reward Redemption Fee 99.00, దాని కింద GST 17.82. మొత్తం 116.82. పాయింట్లు మార్చేటప్పుడు తెరమీద జమయ్యే మొత్తమే పెద్దగా చూపిస్తారు, ఫీజు మాత్రం దాంట్లో కోయకుండా విడిగా, తర్వాతి బిల్లులో వేస్తారు. అందుకే చాలామందికి ఈ రెండిటికీ సంబంధం ఉందనే తెలియదు. చివరికి చేతికి వచ్చింది 1,163 రూపాయల 18 పైసలు. చెప్పింది 1,600.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "సార్, ఫీజు మీ కార్డు షెడ్యూల్ ఆఫ్ ఛార్జెస్‌లో ఉంది, రిక్వెస్ట్ ఒకసారి వెళ్లాక వెనక్కి తీసుకోలేం" అన్నారు. ఉంది, నిజమే, కార్డుతో పాటు పంపిన పీడీఎఫ్‌లో ఛార్జీల పట్టికలో ఉంది. కానీ కార్డు అమ్మేటప్పుడు పాయింటు పావలా అని నోటితో చెప్పి, ఫీజు సంగతి మాత్రం పీడీఎఫ్‌లో దాచడం ఏం పద్ధతి? నాకు బాధ అక్కడే.

అసలు దెబ్బ తక్కువ పాయింట్లున్నవాళ్లకి. ఈ ఫీజు పాయింట్ల సంఖ్యను బట్టి మారదు, ఒక్కో రిక్వెస్ట్‌కి ఇంత అని ఉంటుంది. పది వేల పాయింట్లయినా అదే 116.82, వెయ్యి పాయింట్లయినా అదే. మా వీధిలో ఒకాయన వెయ్యి పాయింట్లు క్యాష్ చేస్తానంటే లెక్క వేసి చూపించాను: 200 రూపాయలు వస్తాయి, ఫీజు పోగా మిగిలేది 83.18. అదే 500 పాయింట్లయితే వచ్చేది వంద, కట్టేది 116.82, అంటే ఎదురు డబ్బు ఇచ్చి పాయింట్లు పోగొట్టుకోవడమే. ఈ రేటు మీద 585 పాయింట్ల లోపు ఎవరు మార్చుకున్నా నష్టమే. ఉన్నవాటిని ముక్కలు ముక్కలుగా మార్చితే ప్రతిసారీ ఫీజు పడుతుంది కాబట్టి, మార్చాలనుకుంటే అన్నీ ఒకే రిక్వెస్ట్‌లో మార్చండి. గడువు మాత్రం చూసుకోండి, చాలా కార్డుల్లో పాయింట్లు రెండు మూడేళ్లకి చెల్లకుండా పోతాయి.

ఇంకొకటి, ఇది డబ్బు కంటే టెన్షన్ వ్యవహారం. బిల్లు 9,000 వచ్చింది, పాయింట్ల జమ 1,280 ఉంది కదా అని 7,720 కట్టి ఊరుకోవద్దు. చాలా కార్డుల్లో ఈ జమని మీరు కట్టిన పేమెంట్‌గా లెక్కించరు, ఆ బిల్లు మొత్తం గడువులోగా విడిగా కట్టాల్సిందే, జమ తర్వాతి బిల్లులో తగ్గుతుంది. కట్టకపోతే మిగిలినదాని మీద వడ్డీ పడుతుంది, అప్పుడు పాయింట్లతో వచ్చింది అటే పోతుంది.

అందరి కార్డుల్లో ఇవే అంకెలు ఉండవు. కొన్నిటికి ఫీజు లేదు, కొన్నిటికి పాయింటు విలువ వేరే. అందుకే రిడీమ్ నొక్కేముందు మీ కార్డు ఛార్జీల పట్టిక తెరిచి Redemption అనే మాట వెతకండి, క్యాష్ రేటు, వోచర్ రేటు రెండూ విడివిడిగా చూడండి. మీరు నెలనెలా ఎలాగూ కొనే కిరాణా వోచర్ పావలా రేటుకి దొరికితే, ఫీజు దానికీ ఉన్నా సరే, క్యాష్ కంటే అదే మేలు.

నేను బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా రాయొచ్చు, అందుకే ఫిర్యాదు నంబరు, ఆ స్టేట్‌మెంట్, రిడీమ్ చేసినప్పటి స్క్రీన్‌షాట్ మూడూ దాచి పెట్టాను.