పియర్సింగ్ లైన్, డార్క్ క్లౌడ్ కవర్: సగం దాటాలన్న పట్టు దేనికి ఉండాలి?

"అన్నా, రెండో క్యాండిల్ 45 శాతమే లోపలికొచ్చింది, తీసుకోవచ్చా?" బాలాజీ కాలనీలో టీ దగ్గర కలిసే కుర్రాళ్లు వారానికొకసారైనా నన్ను ఇదే అడుగుతుంటారు. ఏ ప్యాటర్న్ అని తెలియకుండా జవాబు చెప్పలేను. పడుతున్న షేరులో ఎర్ర క్యాండిల్ లో కంటే కింద ఓపెనై, దాని బాడీలోకి ఎక్కి ముగిసేది పియర్సింగ్ లైన్, కొనడానికి సిగ్నల్. పెరుగుతున్న షేరులో పచ్చ క్యాండిల్ హై కంటే పైన ఓపెనై, దాని బాడీలోకి దిగి ముగిసేది డార్క్ క్లౌడ్ కవర్, అమ్మడానికి సిగ్నల్. డార్క్ క్లౌడ్‌కు 45 సరిపోవచ్చు, పియర్సింగ్ లైన్‌కు మాత్రం చాలదు.

ముందు కొలత సరిగ్గా తీసుకుందాం. పడుతున్న షేరులో ఎర్ర క్యాండిల్ 512 దగ్గర ఓపెనై 492లో క్లోజైంది, లో 490 అనుకోండి. బాడీ 20 రూపాయలు, దాని సగం 502. మర్నాడు 488లో ఓపెనై 501లో ముగిస్తే 9 రూపాయలు లోపలికొచ్చినట్టు, అంటే 45 శాతం. 503లో ముగిస్తే 55. చాలామంది హై నుంచి లో వరకు కొలిచి సగం తీస్తారు, అది తప్పు. కింది తోక పొడవుగా ఉంటే ఆ సగం కిందికి జారిపోయి, దాటని క్యాండిల్ కూడా దాటినట్టు కనిపిస్తుంది.

పియర్సింగ్ దగ్గర నేనెందుకు పట్టుబడతానంటే, సగానికి లోపు ఆగిన క్యాండిల్‌కు వేరే పేర్లున్నాయి. పాత లో దగ్గరే ఆగితే ఆన్ నెక్, బాడీలోకి కొంచెం తొంగిచూస్తే ఇన్ నెక్, ఇంకాస్త ఎక్కి సగం దాటకపోతే థ్రస్టింగ్. సంప్రదాయంగా ఈ మూడూ పతనం కొనసాగుతుందనే చెబుతాయి. పై లెక్కలో 501 క్లోజ్ అంటే థ్రస్టింగ్, దాన్ని పియర్సింగ్ అనుకుని కొంటే అది చెప్పేదానికి ఎదురెళ్లినట్టే.

డార్క్ క్లౌడ్‌కు అలాంటి తోబుట్టువులు లేవు. అందుకే అక్కడ సగం అనేది గట్టి గీత కాదు, ఎంత లోతుకు దిగితే అంత బలం. ప్యాటర్న్‌లను కోడ్‌తో వెతికే టీఏ-లిబ్ లైబ్రరీ వాడేవాళ్లు గమనించే ఉంటారు: `CDLDARKCLOUDCOVER`లో ఎంత లోతుకు దిగాలో చెప్పే `penetration` మనం మార్చుకోవచ్చు, మార్చకపోతే 0.5. `CDLPIERCING`లో ఆ వీలే లేదు.

డార్క్ క్లౌడ్‌కు ఒక లెక్క: పెరుగుతున్న షేరు ఒకరోజు 492లో ఓపెనై 512లో క్లోజైంది, హై 514 అనుకోండి. మర్నాడు 516లో ఓపెనై 504కి దిగి ముగిసింది, లోతు 40 శాతం. చేతిలో లాభముంటే నేను సగం అమ్మేస్తాను, మూడోరోజు ఆ రెండో క్యాండిల్ లో కిందికి పోతే మిగతాదీ అమ్ముతాను. రెండో క్యాండిల్ హై పైన క్లోజైతే ఆ సిగ్నల్ పోయినట్టే, మిగతా సగం ఉంచుకుంటాను. ఉన్న లాభం కాపాడుకోవడానికి 40 చాలు, పడుతున్న షేరులోకి కొత్తగా డబ్బు పెట్టడానికి చాలదు.

రెండో క్యాండిల్ మొదటి బాడీనంతా మింగేస్తే అది ఎన్‌గల్ఫింగ్, ఈ చర్చే అక్కర్లేదు. ఐదు నిమిషాల చార్టులో గ్యాప్‌లు సరిగ్గా రావు, అక్కడ ఈ రెండూ నేను చూడను. ఇంకొకటి, రోజువారీ చార్టులో క్లోజ్ సగానికి పది పైసలు అటూ ఇటూ ఉంటే చివరి ట్రేడు ధరా, ఎక్స్చేంజీ ప్రకటించిన క్లోజింగ్ ధరా చూసుకోండి. రెండూ ఒకటే కానక్కర్లేదు. అంత దగ్గరగా ఉన్న పియర్సింగ్‌ను నేనైతే వదిలేస్తాను.