ఎస్వీ రంగారావును వరుసగా చూడటం: ఎనిమిది సినిమాల పట్టిక ఎలా పనిచేసిందంటే

ఒక నటుడి ఎదుగుదల చూడాలంటే సినిమాలను విడుదలైన ఏడాది ప్రకారం పేర్చుకుంటే చాలనిపిస్తుంది. ఎస్వీఆర్ విషయంలో అది సగమే పనిచేస్తుంది. 1918లో పుట్టిన ఆయన పాతాళ భైరవి (1951)లో నేపాళ మాంత్రికుడు వేసేనాటికి 32 ఏళ్ల మనిషి. గుండమ్మ కథ (1962)లో తనకంటే ఐదేళ్లే చిన్నవాడైన ఎన్టీఆర్‌కు తండ్రి. ముసలి వేషాలన్నీ చివరి దశవేనని పక్కన పెడితే పట్టిక తలకిందులవుతుంది.

అందుకే సినిమా పేరు, ఏడాది పక్కన ఇంకో రెండు గడులు పెట్టాలి: అప్పటికి నటుడి వయసు, పాత్ర వయసు. చాలాకాలంగా ఇలాగే చూస్తున్నాను, ఇంతకంటే పనికొచ్చిన పద్ధతి కనబడలేదు. షావుకారు, పాతాళ భైరవి, మిస్సమ్మ, బంగారు పాప, మాయాబజార్, గుండమ్మ కథ, నర్తనశాల, తాతా మనవడు. వారానికి ఒకటి చాలు. ఒకే రోజు రెండు చూస్తే రెండో పాత్ర మీద మొదటి దాని నీడ పడుతుంది.

వీటిలో అసలు రుచి 1955 నాటి జంటది. మిస్సమ్మలో మెత్తటి జమీందారు, బంగారు పాపలో మొరటు కోటయ్య. నటుడి వయసు ఒకటే కాబట్టి తేడా అంతా నటనదే. ఇద్దరూ పసివాళ్ల దగ్గర, ఆడపిల్లల దగ్గర గొంతు ఎంత తగ్గిస్తారో, ఎక్కడ ఆగుతారో గమనించండి. ఆ తర్వాత షావుకారులోని సున్నపు రంగడి దగ్గరికి వెనక్కి వెళితే, కోటయ్య మొరటుతనం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. వెనక్కి వెళ్లే ఈ అడుగును మాత్రం వదలొద్దు.

మాయాబజార్ దగ్గర జాగ్రత్త. "వివాహ భోజనంబు" పాడింది మాధవపెద్ది సత్యం. కాబట్టి అక్కడ గొంతును కాదు, కళ్లనూ నవ్వునూ చేతులనూ చూడాలి. మాయా శశిరేఖగా సావిత్రి చేసిన నడకా గదమాయింపూ ఘటోత్కచుడివే. ఎస్వీఆర్ బాణీ ఏమిటో ఇంకో నటి ఒంట్లో చూపించే సన్నివేశాలవి. చూసేముందు నిడివి కూడా సరిచూసుకోండి: నలుపు తెలుపు మూలం మూడు గంటల పైనే ఉంటుంది, 2010లో వచ్చిన రంగుల ప్రతి దానికంటే చిన్నది. ఆన్‌లైన్‌లో కొన్ని సినిమాలకు తమిళ రూపమూ విడిగా కనిపిస్తుంది, పట్టికలో రెండూ చేరిపోకుండా చూసుకోవాలి.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. విడుదల ఏడాదిని నటించిన ఏడాదిగా తీసుకోకూడదు. ఆయన 1974లో కన్నుమూశారు, యశోదకృష్ణ 1975లో వచ్చింది. అందుకే పట్టికను తాతా మనవడు (1973)తో ముగించడం మేలు. అక్కడ 54 ఏళ్ల నటుడు వేసిన ముసలి తండ్రిని గుండమ్మ కథలోని తండ్రి పక్కన పెట్టి చూడండి. ముందటి దానిలో ఎదుటివాళ్లను మాటతో నడిపిస్తాడు, ఇక్కడ మాట అందని చోట చూపుతో పని జరుపుతాడు.