మిద్దె తోట ఛానెల్‌కి మీడియా కిట్: రెండేళ్లు వాడాక

నాది ఇన్‌స్టాగ్రామ్‌లో మిద్దె తోట పేజీ. ఫాలోవర్లు 18 వేలకు కాస్త అటూ ఇటూ. మీడియా కిట్ అంటే మన పేజీ లెక్కలు, రేట్లు, ఇదివరకు చేసిన పనులు ప్రకటనలిచ్చే బ్రాండ్లకి చూపించే చిన్న పీడీఎఫ్. రెండేళ్ల క్రితం ఒక విత్తనాల కంపెనీ వాళ్లు "మీ మీడియా కిట్ పంపండి" అంటే, సరేనని ఆ రాత్రే కాన్వాలో ఉచిత టెంప్లేట్ తీసుకుని ఆరు పేజీలు తయారుచేశాను. ఇప్పుడు నా దగ్గరున్నది రెండు పేజీలే. మిగతా నాలుగూ ఎందుకు పోయాయో చెబితే అదే సమీక్ష.

టెంప్లేట్‌లో అన్నిటికంటే పెద్ద అక్షరాలు ఫాలోవర్ల సంఖ్యకే. దాని కింద సగటు వ్యూస్‌కి ఒక గడి. నేను చివరి 12 రీల్స్ వ్యూస్ కూడి, పన్నెండుతో భాగించి 41 వేలని రాశాను. లెక్క తప్పు కాదు. కానీ ఆ పన్నెండులో ఒకటి, గోరుచిక్కుడు పాదు మీద ఉడుత చేసిన అల్లరి, ఏకంగా 4 లక్షల 10 వేలు తెచ్చింది. మిగతా పదకొండూ 5 వేలకూ 11 వేలకూ మధ్యే. ఆ కిట్ చూసి కోకోపీట్ అమ్మే ఒకాయన రీల్‌కి 12 వేలు ఇచ్చారు. ఆయన లెక్కలో వ్యూకి 29 పైసలు పడాలి. తీరా వచ్చినవి 8,600 వ్యూస్, అంటే వ్యూకి రూపాయి నలభై. ఆయన గొడవేమీ పడలేదు, మళ్లీ ఫోన్ మాత్రం చెయ్యలేదు.

అప్పటినుంచి సగటు తీసేసి మధ్య సంఖ్య రాస్తున్నాను. 12 రీల్స్ వ్యూస్‌ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చి, మధ్యలో ఉన్న రెండింటి సగటు తీసుకోవడమే. నాకది 8 వేలు వచ్చింది. ఉడుత రీల్‌ని దాచలేదు, దాన్ని విడిగా "ఒక్కసారి వైరల్" అని పెట్టాను. రేటు 6 వేలకు దించాను. వ్యూకి 75 పైసలు. అడిగేవాళ్లు తగ్గుతారనుకున్నాను గానీ, తగ్గింది బేరమాడేవాళ్లు.

ఇక ప్రేక్షకుల పేజీ. వయసులు, ఆడా మగా శాతాలు చక్రాల బొమ్మలుగా వేసి మురిసిపోయాను, వాటి గురించి ఒక్కరూ అడగలేదు. అడిగిందల్లా ఊళ్లు. మట్టి మిశ్రమం బస్తాలు హైదరాబాద్ లోపలే డెలివరీ ఇచ్చే షాపుకి నా విశాఖ ప్రేక్షకులతో పనేముంది? ఇన్‌స్టాగ్రామ్ మన పేజీ లెక్కలు చూపించే ఇన్‌సైట్స్‌లో ఊళ్ల జాబితా ఉంటుంది, దాని స్క్రీన్‌షాట్ తేదీతో సహా యథాతథంగా పెట్టాను. టైప్ చేసిన అంకెల కన్నా దాన్నే నమ్ముతారు. మూడు నెలలకోసారి మార్చాలి, నేను రెండుసార్లు మరిచిపోయి పాతదే పంపాను.

రేట్ల పేజీలో నాకు బాగా దెబ్బ తగిలింది. "రీల్ ఒకటి, ఇంత" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఒక డ్రిప్ కిట్ కంపెనీ నా రీల్‌ని తమ ప్రకటనగా ఐదు నెలలు నడిపింది. మా పిన్ని ఫోన్ చేసి "ఏమే, ఎక్కడ చూసినా నువ్వే" అంటే గానీ నాకు తెలియలేదు. అడిగితే, కిట్‌లో వద్దని ఎక్కడా లేదుగా అన్నారు. నిజమే, లేదు. ఇప్పుడు అక్కడ మూడు విడి వరుసలున్నాయి: నా పేజీలో రీల్ పెట్టడం, దాన్ని వాళ్లు ప్రకటనగా వాడుకుంటే 30 రోజులకు అదనంగా సగం రేటు, అదే రకం వస్తువు వేరేవాళ్లది నెలరోజులు చెయ్యకుండా ఉండాలంటే ఇంకో సగం. మార్పులు రెండుసార్లే అని అడుగున ఉంటుంది. సగం డబ్బు ముందే అన్న మాట కూడా అక్కడే రాశాను, నోటితో అడగడం నావల్ల కాదు.

పాత బ్రాండ్ల పేజీలో మొదట లోగోలు తొమ్మిది. నిజానికి వాటిలో ఆరు ఊరికే వస్తువు పంపినవే. ఒకావిడ సూటిగా "వీళ్లలో డబ్బిచ్చింది ఎవరండీ?" అనడంతో గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఇప్పుడు మూడే ఉంచాను. ఒక్కోదాని కింద ఏం చేశాను, ఎన్ని వ్యూస్, ఎన్ని సేవ్‌లు, నా కూపన్ కోడ్‌తో ఎన్ని ఆర్డర్లు అని రెండు వాక్యాలు. ఆర్డర్ల సంఖ్య బ్రాండ్‌ది కాబట్టి, వాళ్లని అడిగాకే వేస్తాను.

మొదట్లో ప్రింట్ రకం పీడీఎఫ్ దించుకుని పంపేదాన్ని, అది బరువు. స్టాండర్డ్ రకం చాలు, ఫోన్‌లో చకచకా తెరుచుకుంటుంది.

ఇంత చేసినా మా పేట నర్సరీల దగ్గర ఈ కిట్ పనికిరాలేదు. మొన్న ఒకాయనకు వాట్సాప్‌లో పంపితే తెరిచి, రెండు పేజీలూ కిందికి పైకి జరిపి, ఫోన్ జేబులో పెట్టుకుని, "బాగుందమ్మా, ఇంతకీ ఎంత తీసుకుంటావు?" అన్నారు.