స్టోరీబోర్డ్ పేరుతో రంగుల బొమ్మలు అంటగడుతున్నారు, జాగ్రత్త

వైజాగ్‌లో చిన్న కంపెనీలు నడుపుతూ మన వస్తువు ఎలా పనిచేస్తుందో చెప్పే ఎక్స్‌ప్లెయినర్ వీడియో చేయించుకుందాం అనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మన బిజినెస్ వాట్సాప్ గ్రూపుల్లో "స్క్రిప్ట్ నుంచి వీడియో దాకా అంతా మేమే" అని వారానికి రెండుసార్లు పోస్టు పెడతారే, ఆ స్టూడియో గురించే. పేరు రాయను, గ్రూపుల్లో ఉన్నవాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నిన్న సాయంత్రమే గొడవ అయింది. రాత్రి నిద్ర పట్టలేదు.

మాది నలుగురం పనిచేసే కంపెనీ. ఫిషింగ్ హార్బర్ నుంచి హోటళ్లకు చేపలు వెళ్లే ఐస్ పెట్టెల్లో పెట్టే చిన్న పరికరం తయారుచేస్తాం. పెట్టె లోపల 4 డిగ్రీలు దాటితే ఓనరు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఈ ఒక్క ముక్క 75 సెకన్లలో జనానికి అర్థమైతే చాలు. మాలో ఎవరికీ బొమ్మ వేయడం రాదు కాబట్టి, తెర మీద ఏది ఎప్పుడు కనబడాలో ముందే బొమ్మల్లో వేసుకునే స్టోరీబోర్డ్ కూడా ఆ స్టూడియోకే అప్పజెప్పాం. మొత్తం 48,000 రూపాయలు, సగం ముందే కట్టాం.

వారంలో 12 ఫ్రేముల పీడీఎఫ్ పంపారు. రాత్రి పదకొండుకి ఫోన్‌లో తెరిచాను. మంచి రంగులు, నవ్వుతున్న మనుషులు, వెనకాల సముద్రం. చాలా బాగుందనిపించి అప్పటికప్పుడే "ఓకే" అని పెట్టేశాను. తప్పు అక్కడే జరిగింది, అది నాదే. ఆ 12 బొమ్మల కింద ఏ మాట దగ్గర ఏ బొమ్మ వస్తుందో లేదు, ఎన్ని సెకన్లు ఉంటుందో లేదు, ఏది కదులుతుందో లేదు. నేను అడగలేదు.

తర్వాత వాళ్లు చేసి పంపిన వీడియో చూస్తే గుండె జారిపోయింది. అసలు ప్రాణం ఉన్న వాక్యం ఇది: "పెట్టెలో చల్లదనం తగ్గగానే మీ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, డ్రైవర్‌తో వెంటనే ఐస్ వేయించుకోవచ్చు." ఆ మాటలు వినిపిస్తున్నంతసేపూ తెర మీద కోటు వేసుకున్న ఒకాయన ఫోన్ చూసి నవ్వుతున్నాడు. పెట్టె లేదు, మా పరికరం లేదు, ఐస్ లేదు. ఆ మెసేజ్ ఎక్కడి నుంచి వచ్చిందో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

స్టూడియో అతనికి ఫోన్ చేసి అదే అడిగాను. "మేడం, ఏడో ఫ్రేము అదే కదా, మీరే అప్రూవ్ చేశారు. ఇప్పుడు మార్చాలంటే ఆ సీన్ మళ్లీ యానిమేట్ చేయాలి, ఇంకో 9,000 అవుతుంది" అన్నాడు. అందులో పెట్టె ఎక్కడుంది అన్నాను. నవ్వాడు. "మీకు బొమ్మలు రావు కదా మేడం, విజువల్స్ సంగతి మాకు వదిలేయండి" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, మా వాళ్లు ముగ్గురూ పక్కనే కూర్చుని వింటున్నారు. డబ్బు పోయిందన్న బాధ కంటే ఆ నవ్వే ఎక్కువ మండిపోయేలా చేసింది. ఆ పరికరం పని చేయడం కోసం రెండేళ్లు తెల్లవారుజామున నాలుగింటికి హార్బర్‌లో నిలబడినవాళ్లం మేం.

ఫోన్ పెట్టేసి మేమే కూర్చున్నాం. నాకు అప్పుడు అర్థమైంది ఇది: వాళ్లు పంపింది స్టోరీబోర్డ్ కాదు. రంగులు, మనుషుల రూపం ఎలా ఉంటాయో చూపించే నమూనాలు, ఆ ఫీల్డులో స్టైల్ ఫ్రేములు అంటారు. అవీ కావాలి, కానీ తర్వాత. స్టోరీబోర్డ్‌లో ఫ్రేము అంటే తెర మీద చూసేవాడికి కొత్తగా ఏం కనబడుతుందో చెప్పేది. కనబడేది మారిన ప్రతిసారీ ఇంకో ఫ్రేము కావాలి. దానికి డబ్బా, గీత, పుల్లల మనిషి చాలు.

పైన చెప్పిన ఆ ఒక్క వాక్యాన్నే తీసుకున్నాం. అందులో ఐదు విషయాలు కనబడాలి. ఆటో ట్రాలీలో మూత వేసి ఉన్న పెట్టె. లోపల కరిగిపోయిన ఐస్, దాని పక్కన పరికరం. పరికరం మీద అంకె 3 నుంచి 5కి మారడం. షాపులో ఓనరు ఫోన్ వెలగడం. డ్రైవరు ఐస్ పోయడం. గీయడం రాకపోతే ఏం, పెట్టె ఆఫీసులోనే ఉంది కదా. ఐదింటికీ ఫోన్ అడ్డంగా పట్టుకుని ఫొటోలు తీశాం, వీడియో కూడా అడ్డంగానే వస్తుంది కాబట్టి. డ్రైవరుగా మా అకౌంట్స్ అబ్బాయి నిలబడ్డాడు. అంకె మాత్రం పెన్నుతో కాగితం మీద రాసి పరికరానికి అంటించాం. ప్రింట్ తీసి, వస్తువు కదిలే వైపు బాణం గీశాం. కెమెరా దగ్గరకు వెళ్లాల్సిన చోట ఫొటో మీదే చిన్న డబ్బా గీశాం. ప్రతిదాని కింద మాట, సెకన్లు.

అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆ వాక్యం మామూలుగా చదివితే 6 సెకన్లు. ఐదు ఫ్రేములు అందులో ఇరికిస్తే ఒక్కోటి సెకను పైచిలుకు, అంకె మారడం కంటికి ఆనదు. అంటే స్క్రిప్టులోనే తప్పుంది. వాక్యాన్ని రెండుగా విరిచి, అంకె మారే చోట 2 సెకన్లు మాటే లేకుండా వదిలాం. మొత్తం వీడియోకి 19 ఫ్రేములు వచ్చాయి. ఫొటోలన్నీ ఫోన్‌లోని వీడియో ఎడిటర్‌లో వరసగా పెట్టి, నా గొంతుతో చదివి కలిపాం. దీన్నే యానిమాటిక్ అంటారట. 83 సెకన్లు వచ్చింది, 8 సెకన్లు కోయాల్సి వచ్చింది. యానిమేషన్ అయ్యాక ఇది తెలిస్తే ఆ 8 సెకన్లకూ డబ్బు కట్టి ఉండేవాళ్లం.

గొంతు తీసేసి, కింద టీ కొట్టు బాబాయ్‌కి ఆ ఫొటోలు చూపించాను. "పెట్టె వేడెక్కింది, ఫోన్‌కి తెలిసింది, ఐస్ వేయించారు, అంతేనా అమ్మా?" అన్నాడు. తర్వాత స్టూడియో వాళ్ల ఏడో ఫ్రేము చూపిస్తే, "ఈయనకి జీతం పడిందేమో" అన్నాడు. స్టూడియో వాళ్లు పీడీఎఫ్ పంపిన రోజే ఈ పని చేసి ఉంటే ఆ "ఓకే" పెట్టేదాన్ని కాదు.

మా ఫొటోలతో అన్నీ రావు. పాత్రల ముఖాలు, రంగులు, కదలిక ఎంత మెత్తగా ఉండాలి, ఇవి బొమ్మ వచ్చినవాళ్లు చేయాల్సిందే. వాటికి డబ్బు కట్టడానికి నాకు ఇప్పుడూ అభ్యంతరం లేదు.

మిగతా 24,000 కోసం పొద్దున్నే మళ్లీ మెసేజ్ పెట్టారు. మా 19 ఫ్రేములు పంపి, వీటి ప్రకారం ఆ సీన్ మార్చాకే డబ్బు అని రాశాను. ఇంకా జవాబు రాలేదు.

మీరు ఎవరికి పని ఇచ్చినా, కింద మాట, సెకన్లు లేని స్టోరీబోర్డ్‌కు ఓకే చెప్పకండి. అప్రూవ్ అయ్యాక మార్పుకు ఎంత తీసుకుంటారో అడ్వాన్స్ కట్టేముందే రాయించుకోండి.