లైట్ల లెక్క: కొన్నేళ్లుగా వాడుతున్న లూమెన్ ఫార్ములా మీద నా మాట

గదికి ఎన్ని లైట్లు పడతాయని హైదరాబాద్ ట్రూప్ బజార్ లైట్ల షాపుల్లో అడిగితే నోటి లెక్కతో చెప్పేస్తారు. ఇంటికి దాంతో నడిచిపోతుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా గ్రూప్స్‌కు చదివే పిల్లలు కూర్చునే స్టడీ హాల్‌కు మాత్రం నడవదు. అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు అలాంటి హాళ్లకు వైరింగ్ పనులు చేస్తుంటాను. లైట్ల వరకు కొన్నేళ్లుగా నేను నమ్ముకున్నది ఈ ఒక్క ఫార్ములానే:

```
N = (E × A) / (F × UF × MF)
```

N అంటే కావాల్సిన లైట్లు. E అంటే టేబుల్ మీద పడాల్సిన లక్స్, అంటే ఒక్కో చదరపు మీటరు మీద ఎన్ని లూమెన్లు పడాలో ఆ లెక్క. A గది వైశాల్యం, చదరపు మీటర్లలో. F ఒక్కో ఫిట్టింగ్ ఇచ్చే లూమెన్లు, అంటే దాని మొత్తం వెలుగు. మిగిలిన రెండూ నష్టాలు: లైటు నుంచి బయల్దేరిన వెలుగులో టేబుల్‌కు చేరేది ఎంతో UF చెబుతుంది, దుమ్ము పట్టి, లైటు పాతబడ్డాక మిగిలేది ఎంతో MF చెబుతుంది. అసలు పని అంతా ఈ రెండింటి దగ్గరే ఉంది.

ఒక హాల్ లెక్క చూడండి. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అంటే 600 ఎస్‌ఎఫ్‌టీ. 10.764తో భాగిస్తే 55.7 చదరపు మీటర్లు. చదువుకు 300 లక్స్ పెట్టుకున్నాం. 55.7ను 300తో గుణిస్తే టేబుళ్ల ఎత్తులో 16,710 లూమెన్లు కావాలి. 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్, అంటే ట్యూబులైటు లాంటి పొడవు ఫిట్టింగ్, 2,000 లూమెన్లు ఇస్తుంది కాబట్టి తొమ్మిది చాలనిపిస్తుంది. హాల్ ఓనర్ లెక్క కూడా అదే. నష్టాలు కలిపి నేను 21 అనేసరికి "ఇన్ని ట్యూబులెందుకన్నా, ఇదేమన్నా ఫంక్షన్ హాలా?" అన్నాడు.

ఆ 21 ఎలా వచ్చిందంటే, UF తేల్చడానికి ముందు గది కొలతల నుంచి రూమ్ ఇండెక్స్ కట్టాలి. 30ని 20తో గుణిస్తే 600. పొడవు వెడల్పుల మొత్తం 50, టేబుల్ నుంచి లైటు దాకా 7 అడుగులు, రెండూ గుణిస్తే 350. 600ను 350తో భాగిస్తే 1.7. ఇది నిష్పత్తే కాబట్టి అడుగుల్లో వేసినా ఇబ్బంది లేదు. తెల్ల సీలింగ్, లేత రంగు గోడలు ఉన్న గదికి, మామూలు బ్యాటెన్‌కు, ఆ ఇండెక్స్ దగ్గర UF 0.55 తీసుకున్నాను. కంపెనీ ఇచ్చే పట్టిక చేతిలో ఉంటే అందులోదే వాడాలి. రోడ్డు పక్క హాల్ కాబట్టి MF 0.75. రెండూ గుణిస్తే 0.41. అంటే లైట్లు ఇచ్చే వెలుగులో సగం కూడా లెక్కలోకి రాదు. 16,710ని 0.41తో భాగిస్తే 40,000 పైచిలుకు లూమెన్లు, అంటే 21 ఫిట్టింగులు. వరుసకు ఏడు చొప్పున మూడు వరుసలు బిగించాం. తొమ్మిదితో సరిపెట్టి ఉంటే చివరికి నిలిచేది 130 లక్స్ చిల్లర.

కొత్తలో లక్స్ మీటర్ పెడితే టేబుళ్ల మీద సగటున 400 దాటింది. అది చూసి నాలుగు ట్యూబులు తీసేద్దామన్నాడు ఓనర్. ఆ ఎక్కువంతా రాబోయే దుమ్ముకు ముందే కట్టిన అడ్వాన్స్. ఏడాది తిరిగేసరికి రీడింగ్ 320 దగ్గరికి దిగింది. స్విచ్ ఆపి, కవర్లను తడిగుడ్డతో తుడిపించాక 380కి ఎక్కింది. తుడిస్తే పెరిగినది దుమ్ము వాటా, తిరిగి రానిది ఎల్‌ఈడీ అరిగిన వాటా. ఈ చిన్న పరీక్షతో ఆ హాల్‌కు నేను వేసిన 0.75 సరైనదో కాదో తెలిసిపోతుంది.

UF మీద గోడల రంగు దెబ్బ ఇంకా పెద్దది. ఇలాంటి హాల్ ఇంకొకటి ఉంది. లుక్ బాగుంటుందని దాని గోడలకు ముదురు నీలం వేయించారు. లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి, పిల్లలు మాత్రం వెలుతురు చాలట్లేదని గొడవ. ట్యూబులు నాసిరకమని నన్ను పిలిచారు. ముదురు గోడ వెలుగును మింగేస్తుంది. UF 0.4కు పడితే, దుమ్ము కూడా కలిశాక అవే 21 ట్యూబులు 225 లక్స్ దగ్గర ఆగిపోతాయి. మళ్లీ తెల్ల రంగు వేయించడమే చవకని చెప్పి వచ్చాను. అందుకే ఇప్పుడు పెయింటర్ ఏం వేస్తున్నాడో తెలుసుకోకుండా కొటేషన్ ఇవ్వను.

ఈ ఫార్ములా చేయలేనిది ఒకటుంది. దానికి గది ఖాళీ పెట్టె. ఇచ్చేది సగటు మాత్రమే. ఈ మధ్య ప్రతి సీటుకూ మూడు వైపులా ప్లైవుడ్ అడ్డాలు పెట్టి క్యాబిన్లు చేస్తున్నారు. నడవలో మీటర్ పెడితే 350, క్యాబిన్ లోపల పుస్తకం ఉండే చోట పెడితే 150. పైన ఇంకో వరుస ట్యూబులు కొట్టినా ఆ అడ్డం నీడ పోదు. అలాంటి హాల్‌కు పైన 200 లక్స్‌కే లెక్క కట్టి, మిగిలిన డబ్బుతో ఒక్కో క్యాబిన్‌లో పుస్తకాల అర ముందు అంచు కింద, కంట్లోకి కొట్టకుండా చిన్న పట్టీ అడ్డం పెట్టి ఎల్‌ఈడీ స్ట్రిప్ బిగిస్తున్నాను. స్విచ్ ఎవరిది వాళ్లకే.