బ్రోషర్‌లో నాలుగు, మా మీటర్‌లో రెండున్నర లోపే: హీట్ పంపుతో నాలుగేళ్లు

మా ఇంట్లో ఆరుగురం. హైదరాబాద్‌లో సొంత ఇల్లు, మూడు స్నానాల గదులు, మూడు పాతిక లీటర్ల గీజర్లు. నాలుగేళ్ల కిందట ఆ మూడింటినీ పక్కన పెట్టి, 200 లీటర్ల ట్యాంకు ఉన్న హీట్ పంపు పెట్టించాను. బిగించే ఖర్చుతో కలిపి లక్షా పదివేల దాకా అయింది. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

నేను పాల డెయిరీలో శీతలీకరణ విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. రైతుల దగ్గర నుంచి వచ్చిన గోరువెచ్చని పాలను నాలుగు డిగ్రీలకు దించి, వాటిలోంచి తీసిన వేడినంతా బయటి గాలిలోకి ఊదేసేవాళ్లం. హీట్ పంపు చేసేది కూడా అదే పని, కాకపోతే ఇక్కడ మనకు కావలసింది ఊదేసే వేడి. ఫ్యాను గాలిని లాగుతుంది, ఆ గాలిలోని వేడిని పంపు గొట్టాల్లో తిరిగే గ్యాస్ పీల్చుకుంటుంది, కంప్రెసర్ ఆ గ్యాస్‌ను నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది, ట్యాంకు చుట్టూ తిరిగే గొట్టంలోంచి ఆ వేడి నీటికి చేరుతుంది. కరెంటు వేడిని పుట్టించడానికి కాదు, వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడానికి ఖర్చవుతుంది. మోసిన వేడిని మోత కూలీతో భాగిస్తే వచ్చే అంకెనే సీఓపీ అంటారు. గీజర్‌కు ఈ అంకె ఒకటే. దాని మీద ఎన్ని నక్షత్రాలు ఉన్నా ఒకటే. గీజర్‌కు నక్షత్రాలు ఇచ్చేది వేడి చేసే సామర్థ్యానికి కాదు, కాచిన నీరు ట్యాంకులో ఉండగా ఎంత తక్కువ వేడిని పోగొట్టుకుంటుందో దానికి.

నేను కొన్న పంపు బ్రోషర్‌లో సీఓపీ నాలుగు అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఏ గాలికి, ఏ నీటికి అన్నది చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అందుకే పంపు వైరు మీద ఒక విడి మీటర్, ట్యాంకులోకి పోయే చన్నీటి గొట్టానికి ఒక నీటి మీటర్ పెట్టించాను. రెండూ కలిపి నాలుగు వేల లోపే. ఈ సమీక్షలో చెప్పే అంకెలన్నీ వాటివే.

పోల్చడానికి ముందు రెండు వైపులా అందే వేడి సమానంగా ఉండాలి. లెక్క సులువు: లీటర్లను, పెరిగిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే ఎన్ని యూనిట్ల వేడి నీటికి అందిందో తెలుస్తుంది. మొదటి జనవరిలో ఒక ఉదయం ట్యాంకు మొత్తం ఖాళీ చేసి చన్నీళ్లు నింపాను. నీరు 20 డిగ్రీలు, బయట గాలి 16. పంపును 55 దగ్గర ఆగేలా పెట్టి వదిలేశాను. 200 లీటర్లు, 35 డిగ్రీలు, అంటే 8.1 యూనిట్ల వేడి. మీటర్ తిరిగింది 2.85 యూనిట్లు. సీఓపీ 2.9కి కాస్త తక్కువ. పట్టిన సమయం దాదాపు అయిదు గంటలు.

అదే రోజు గీజర్‌లో పాతిక లీటర్లను అదే 20 నుంచి 55కి కాచాను. అరగంటలో అయిపోయింది, 1.06 యూనిట్లు తిన్నది. ఎనిమిది సార్లు కాస్తే 200 లీటర్లు, అంటే దాదాపు ఎనిమిదిన్నర యూనిట్లు. అంతే వేడికి ఒకరు ఎనిమిదిన్నర, ఇంకొకరు మూడు లోపు. తేడా చిన్నది కాదు. అయినా బ్రోషర్‌లోని నాలుగు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మేలో మళ్లీ చేశాను. మిద్దె మీది ట్యాంకులోంచి వచ్చే నీరే 33 డిగ్రీలు. 55కి చేరాలంటే 22 డిగ్రీలు పెరిగితే చాలు, అంటే 5.1 యూనిట్ల వేడి. మీటర్ 1.25 తిరిగింది. సీఓపీ నాలుగు దాటింది! బ్రోషర్ అబద్ధం చెప్పలేదు, తనకు నచ్చిన రోజును ఎంచుకుంది.

ఎందుకిలా అంటే, బోరు మోటారును తలచుకోండి. వంద అడుగుల్లో నీళ్లుంటే మోటారు ఇట్టే తోడేస్తుంది. మూడు వందల అడుగులకు దిగితే అవే బిందెడు నీళ్లకు ఎక్కువ కరెంటు. హీట్ పంపుకు ఆ లోతు అంటే గాలి వేడికీ, నీరు చేరాల్సిన వేడికీ మధ్య తేడా. జనవరిలో 16 నుంచి 55 దాకా ఎత్తాలి. మేలో గాలే 40 ఉంటుంది. చిక్కల్లా మేలో వేడినీళ్లు ఎవరికి కావాలన్నదే! సీఓపీ బాగున్న నెలల్లో మా ఇంట్లో వేడినీళ్ల కుళాయి తిప్పేది మా అమ్మ ఒక్కతే. ఇల్లంతా పొగలు కక్కే నీళ్లు అడిగే నెలల్లో పంపుకు లోతు ఎక్కువ.

లోతు తగ్గించే ఒక మీట మన చేతిలోనే ఉంది. జనవరిలోనే ఇంకో రోజు 55కి బదులు 50కి పెట్టి చూశాను. 7 యూనిట్ల వేడికి 2.15 యూనిట్లు తిన్నది, సీఓపీ 3.2కి పెరిగింది. గీజర్‌లో అయిదు డిగ్రీలు తగ్గిస్తే ఆ అయిదు డిగ్రీల ఖర్చే తగ్గుతుంది, ఇక్కడ మిగతా డిగ్రీలు కూడా చవకవుతాయి. ఇప్పుడు మాది ఎప్పుడూ 50 మీదే ఉంటుంది. వారానికి ఒకసారి మాత్రం 60కి తీసుకెళతాను, ఎందుకంటే గోరువెచ్చగా నిలిచిన నీటిలో లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది.

ఇక ఎవరూ చెప్పని ఖర్చు ఒకటి. రెండో ఏడాది సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు పంపును ఆపడం మర్చిపోయాం. ఆరు రోజులు ఇంట్లో మనిషి లేడు, చుక్క వేడినీరు వాడలేదు. తిరిగొచ్చి చూస్తే మీటర్ 3.2 యూనిట్లు ముందుకెళ్లింది. ట్యాంకు గోడల్లోంచి పోయిన వేడిని పంపు మళ్లీ మళ్లీ నింపిందన్నమాట. రోజుకు అర యూనిట్ అంటే పెద్దదేమీ కాదనిపిస్తుంది. కానీ ఏడాది పొడవునా, వేడినీళ్లు తక్కువ వాడే నెలల్లో కూడా, ఆ ఖర్చు ఆగదు.

ఆ రెండో ఏడాది మొత్తం రెండు మీటర్లూ రాసిపెట్టాను. పంపు తిన్నది 584 యూనిట్లు. కుళాయిల్లోంచి మేము నిజంగా వాడుకున్న వేడి లెక్కేస్తే దాదాపు 1,390 యూనిట్లు. భాగిస్తే 2.4. బ్రోషర్ నాలుగు, మా ఇంటి నాలుగు కాలాల అంకె ఇది. అదే వేడికి మా పాత గీజర్లు, అవి ఆన్‌లో మర్చిపోయిన గంటలతో కలిపి, 1,600 యూనిట్ల దాకా తినేవని నా అంచనా. వెయ్యి యూనిట్లు మిగిలాయి. మా బిల్లులో చివరి స్లాబు యూనిట్‌కు సుమారు తొమ్మిది రూపాయలు, మిగిలేది ఆ పై స్లాబులోంచే కాబట్టి ఏడాదికి తొమ్మిది వేలు. మూడు కొత్త గీజర్ల ధర తీసేసి చూసినా పెట్టిన డబ్బు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు పట్టేలా ఉంది. రెండేళ్లలో వచ్చేస్తుందని అమ్మకపు మనిషి చెప్పిన మాటకు నేను తలూపాను, అది నా తప్పే.

మూడో ఏడాది శ్రావణంలో పడ్డ దెబ్బ అసలైనది. వరలక్ష్మీ వ్రతానికి చుట్టాలు వచ్చారు, నెల చివర బిల్లు బాగా పెరిగింది. "చుట్టాలు దిగారు కదండీ, నీళ్లు ఎక్కువ పట్టాయి" అని మా ఆవిడ, నిజమేనని నేను. చుట్టాలు వెళ్లిపోయి పది రోజులైనా విడి మీటర్ రోజుకు నాలుగున్నర యూనిట్లు తిరుగుతూనే ఉంది. వానాకాలంలో మాకు మామూలుగా ఒకటిన్నర. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే 50 డిగ్రీలు, తెర మీద ఏ తప్పూ లేదు.

పట్టించింది బకెట్టు. పంపులో చల్లబడిన గాలిలోని తేమ నీరై కారుతుంది, ఆ గొట్టం కింద మేము బకెట్టు పెడతాం. వానాకాలంలో రోజూ నీళ్లు చేరే బకెట్టు అడుగు కూడా తడవలేదు. (వేసవిలో పొడిగా ఉంటే భయపడకండి, గాలిలో తేమే ఉండదు.) ఫ్యాను ముందు చెయ్యి పెట్టాను, వచ్చే గాలి చల్లగా లేదు. మీటర్ దగ్గరికెళ్లి ఎర్ర దీపం చూశాను. యూనిట్‌కు 1,600 సార్లు మెరిసే మీటర్ అది. కంప్రెసర్ నడిచేటప్పుడు దాదాపు నాలుగు సెకన్లకు ఒకసారి మెరవాలి. ఆ రోజు సెకనున్నరకు ఒకసారి మెరుస్తోంది. అంటే 600 వాట్ల బదులు 1,500 వాట్లు.

సంగతి ఏమిటంటే, ట్యాంకు లోపల సహాయానికి ఒక ఎలిమెంట్ ఉంటుంది, గీజర్‌లో ఉండేలాంటిదే. ఒక అతుకు దగ్గర గ్యాస్ కారిపోయి కంప్రెసర్ వేడిని మోయలేకపోతే, ఎలిమెంట్ చప్పుడు చేయకుండా పని అందుకుంది. లక్షా పదివేల యంత్రం అయిదు వారాలు పెద్ద గీజర్‌లా పనిచేసింది, సీఓపీ ఒకటితో. అతుకు వేసి గ్యాస్ నింపడానికి 6,500 అయింది. వచ్చిన మెకానిక్ మొదట "ఎలిమెంట్ ఉంది కదా సార్, నడుస్తుంది" అన్నాడు. నడవకూడదనే కదా నా బాధ!

ఆ రోజు నుంచి సెట్టింగుల్లో ఎలిమెంట్‌ను ఆపేశాను. వారానికొకసారి 60కి చేర్చే పని కూడా కంప్రెసరే చేస్తుంది, నెమ్మదిగా. పంపు మళ్లీ చెడితే చన్నీళ్లు వస్తాయి, మా అమ్మ స్నానాల గదిలోంచే కేక వేస్తుంది. ఏ అలారం కన్నా అది నయం.

మొన్న మా చెల్లెలు తనకూ ఒకటి కొనమంటావా అని అడిగింది. అపార్టుమెంటులో ఇద్దరే ఉంటారు, రోజుకు 60 లీటర్ల వేడినీళ్లు చాలు. సగటున 25 డిగ్రీలు పెంచితే అది 1.7 యూనిట్ల వేడి, ట్యాంకు గోడల్లోంచి పోయేది ఇంకో 1.4. వాడిన దానికన్నా పోయేది కాస్తే తక్కువ! పంపు ఎంత బాగా నడిచినా రోజుకు ఒక యూనిట్ తింటుంది, స్నానానికి ముందు వేసి ఆపేసే గీజర్‌కు రెండు లోపే. మిగిలేది రోజుకు ఒక యూనిట్ కూడా కాదు, పైగా బాల్కనీలో అంత ట్యాంకు నిలబెట్టే చోటు లేదు. గీజర్ థర్మోస్టాట్‌ను 50కి దించుకోమని చెప్పాను. "దానికోసమా ఇంత లెక్క వేశావు అన్నయ్యా" అని నవ్వి ఫోను పెట్టేసింది.