షార్జా నుంచి జగిత్యాలకు నాలుగు వేల దిర్హాములు: ఏ దారిలో ఎంత తెగుతుంది

కొన్నేళ్లుగా షార్జాలో ఉంటూ జగిత్యాల దగ్గర మా ఊరికి నెలనెలా డబ్బు పంపుతున్నాను. బ్యాంకు వైర్, ఫోన్ యాప్, రోల్లాలోని ఎక్స్ఛేంజ్ కౌంటర్, మూడూ బాగానే వాడాను. మా రూములో ఎవరిని అడిగినా ముందు చెప్పేది ఫీజు గురించే: అక్కడ ఇరవై, ఇక్కడ పదిహేను, ఫలానా యాప్‌లో సున్నా. ఫీజు రసీదు మీద కనిపిస్తుంది కాబట్టి దాని మీదే పడతాం. రేటులో కోసుకున్నది మాత్రం ఏ రసీదులోనూ ఉండదు.

ఆ కోత ఎంతో తెలుసుకోవడం దుబాయ్, షార్జాల్లో ఉన్నవాళ్లకు చాలా తేలిక. 1997 నుంచి దిర్హాముకు డాలరుతో ముడి ఉంది, ఒక డాలరుకు 3.6725 దిర్హాములు. కాబట్టి ఆ రోజు డాలరు ఎన్ని రూపాయలో చూసి, దాన్ని 3.6725తో భాగిస్తే దిర్హాముకు అసలు మార్కెట్ రేటు వస్తుంది. ఆ రేటు మనలాంటి వాళ్లకు ఎవరూ ఇవ్వరు, అయినా కొలబద్దకు అదే కావాలి. డాలరు 84 రూపాయల దగ్గర ఉన్న ఒక నెల లెక్క నా పుస్తకంలో ఉంది. 84ను 3.6725తో భాగిస్తే 22 రూపాయల 87 పైసలు. అంటే నాలుగు వేల దిర్హాములకు కోత ఏమీ లేకపోతే సుమారు 91,490 రూపాయలు రావాలి. ఇక ఎవరు ఎంత ఇచ్చారో చూద్దాం.

ముందు బ్యాంకు వైర్. దేశాల మధ్య బ్యాంకులు వాడే స్విఫ్ట్ నెట్‌వర్క్‌లో డాలర్లుగా పంపితే డబ్బు నాలుగు చోట్ల తరుగుతుంది. ఇక్కడి బ్యాంకు ఫీజు, దాని మీద 5 శాతం వ్యాట్ కలిపి 63 దిర్హాములు ముందే పోయాయి. మిగిలిన 3,937 దిర్హాములకు డాలరును 3.6725కు కాకుండా 3.685కు అమ్మారు. దారిలో ఉన్న మధ్యవర్తి బ్యాంకు 15 డాలర్లు పట్టుకుంది. ఛార్జీలు ఎవరు భరిస్తారని ఫారంలో అడిగే చోట SHA అని ఉంటే ఈ కోత తీసుకునేవాళ్ల వైపు పడుతుంది. OUR అని పెడితే మన దగ్గరే ఇంకొంచెం ఎక్కువ వసూలు చేస్తారు. చివరగా ఊళ్లో బ్యాంకు ఆ డాలర్లను 84కు కాదు, తన కొనుగోలు రేటు 83.20కు మార్చింది. ఆ మార్పిడి మీద మళ్లీ జీఎస్టీ. లక్ష లోపు మార్చిన మొత్తంలో ఒక శాతాన్ని సేవ విలువగా పట్టి, దాని మీద 18 శాతం వేస్తారు, కనీసం 45 రూపాయలు. మాకు 158 పడింది. అన్నీ పోగా ఖాతాలో పడింది 87,480 చిల్లర. నాలుగు వేల రూపాయలు దారిలోనే పోయాయి, ఇక్కడి రసీదులో కనిపించింది మాత్రం 63 దిర్హాములే.

బ్యాంకు యాప్‌లోనే ఇండియాకు ప్రత్యేకంగా ఉండే ‘వెంటనే పంపండి’ లాంటి బటన్ వేరు. అది స్విఫ్ట్ కాదు. ఇక్కడే రూపాయల్లోకి మార్చి, అక్కడ మామూలు లోకల్ ట్రాన్స్‌ఫర్‌లా వేస్తారు. దాన్ని కింద చెప్పే యాప్‌ల కోవలోనే లెక్కేసుకోవాలి.

అదే నెల యాప్‌లో ఫీజు సున్నా, రేటు 22.74. నాలుగు వేలకు 90,960 వచ్చాయి. కోత 530 రూపాయల దాకా, అంతా రేటులోనే. అక్కడ పడేవి రూపాయలే కాబట్టి ఊళ్లో ఇంకో మార్పిడి, ఇంకో కోత ఉండవు. మామూలుగా అరగంటలో అమ్మ ఫోన్: “పైసలు పడ్డయి బిడ్డా.” అయితే యాప్‌లను రేటు విషయంలో నమ్మి వదిలేయకూడదు. మొదటిసారి పంపినప్పుడు ఇంచుమించు మార్కెట్ రేటే ఇస్తారు, అలవాటయ్యాక పైసలు జారుతుంటాయి. శనివారం, ఆదివారం మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి సోమవారం రేటు అటూ ఇటూ అయినా తమకు నష్టం రాకుండా ఇంకాస్త ఎక్కువ కోస్తారు. జీతం శుక్రవారం పడినా నేను మంగళవారం దాకా ఆగుతాను, ఇంట్లో అర్జెంటు లేకపోతేనే.

పైసలే కదా అనుకుంటే, వెయ్యి దిర్హాముల మీద పది పైసలు తగ్గితే వంద రూపాయలు పోయినట్టు. నాలుగు వేల మీద నాలుగు వందలు, అంటే పదిహేడు దిర్హాములు, కౌంటర్ ఫీజుకు కాస్త తక్కువ. ఐదు వందల దిర్హాములే పంపేవాళ్లకు లెక్క తిరగబడుతుంది. అక్కడ పది పైసలు యాభై రూపాయలే, ఇరవై మూడు దిర్హాముల ఫీజు ఐదు వందల పైమాటే.

కౌంటర్ దగ్గర ఒకటో తారీఖు సాయంత్రం నిలబడితే తెలుస్తుంది జనం ఎందుకు వదలరో. టోకెన్ తీసుకుని, బోర్డు మీద ఎర్ర అంకెలు చూస్తూ గంటసేపు నిలబడాలి, కానీ నోట్లు చేతికిచ్చి కాగితం పట్టుకుంటే ఆ ధైర్యమే వేరు. చాలా యాప్‌లకు ఇక్కడ బ్యాంకు ఖాతా ఉండాలి, క్యాంపుల్లో చాలామందికి అదే ఉండదు. ఆ నెల బోర్డు రేటు 22.68, ఫీజు వ్యాట్‌తో కలిపి 23 దిర్హాముల పది ఫిల్స్. నాలుగు వేలలో అది పోగా ఇంట్లో పడింది 90,190 చిల్లర, కోత దాదాపు 1,300. బోర్డు రేటే ఆఖరి మాట కాదు. కొంచెం పెద్ద మొత్తమైతే “రేటు చూడన్నా” అంటే కౌంటర్లో ఉన్నతను లోపలికి ఫోన్ చేసి రెండు మూడు పైసలు పెంచుతాడు. అడగనివాడికి బోర్డు రేటే.

అదే కౌంటర్లో ఖాతాకు కాకుండా ఊళ్లో ఏజెంటు దగ్గర నగదుగా తీసుకునేలా పంపితే రేటు ఇంకా తక్కువ. ఫీజు 15 దిర్హాములే అని చెప్తారు, వ్యాట్ దాని మీద అదనం, రేటు 22.45. రెండు వేల దిర్హాములకు 44,540 చిల్లర వచ్చాయి, అసలు రేటు మీద 1,200 తక్కువ. అదే రెండు వేలకు యాప్‌లో పోయేదానికి ఇది నాలుగు రెట్లకు పైనే. ఈ పద్ధతిలో యాభై వేల దాకానే చేతికి నగదు ఇస్తారు, అంతకు మించితే ఖాతాలోనో చెక్కుగానో ఇవ్వాలి. ఒక విడతకు 2,500 డాలర్లు, ఒకే మనిషికి ఏడాదికి ముప్పై విడతలే. ఇవి రిజర్వ్ బ్యాంకు పెట్టిన హద్దులు.

మనవాళ్లకు ఇందులో అసలు టెన్షన్ పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటి పేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. ఏజెంటు రెండూ కలవలేదంటాడు, పేరు దిద్దించడానికి మళ్లీ ఇక్కడ క్యూలో నిలబడాలి. తీసుకునే మనిషి ఆధార్ ఫోటో ముందే తెప్పించుకుని, అందులో ఉన్నట్టే అక్షరం అక్షరం రాయించడం మేలు. పేరు కలిసినా “ఇవాళ క్యాష్ లేదు, రేపు రండి” అన్న మాట మా వాళ్లు విన్నారు.

ఖాతాకు పంపేవాళ్లు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చూసుకోవాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాక, ANDBతో మొదలయ్యే కోడ్ల స్థానంలో UBINవి వచ్చాయి. పాత కాగితం చూసి కోడ్ రాయించినందుకు డబ్బు తిరిగొచ్చిన వాళ్లు నాకు తెలుసు. తిరిగొచ్చేటప్పుడు రూపాయలను దిర్హాముల్లోకి ఇంకో రేటుకు మారుస్తారు, అప్పుడు రెండోసారి కోత. ఫీజు ఎలాగూ వెనక్కి ఇవ్వరు. పంపేముందు ‘తిరిగొస్తే ఏ రేటు’ అని అడిగితే కౌంటర్లో కొంతమంది మొహం చూస్తారు, అయినా నేను అడుగుతాను.

ఇప్పుడు నెల ఖర్చులకు రెండు యాప్‌లు పెట్టుకున్నాను. రెండింటిలోనూ నాలుగు వేలు కొట్టి, అక్కడ చేరే రూపాయలు దేంట్లో ఎక్కువుంటే దాంట్లో పంపుతాను. ఫీజు గడి వైపు చూడను. బ్యాంకు ఖాతా లేని మేనత్తకు పండగకు పంపేది మాత్రం ఏజెంటు ద్వారానే, ఆ కోత తప్పదు. వైర్‌ను ప్లాటు కొన్నప్పుడు వాడాను. యాప్ రోజు పరిమితి సరిపోలేదు, డబ్బు బయటి నుంచి వచ్చిందని బ్యాంకు కాగితం కూడా కావాల్సి వచ్చింది. అంత మొత్తానికి ఫీజు, మధ్యవర్తి కోత లెక్కలోకే రావు, ఊళ్లో బ్యాంకు ఇచ్చే కొనుగోలు రేటే ముఖ్యం. అందుకే డబ్బు పంపకముందే నాన్నను బ్రాంచికి పంపించాను. మేనేజర్ పైఆఫీసుకు ఫోన్ చేసి, డాలరుకు నలభై పైసలు పెంచి ఇచ్చాడు.